జంటగానే వచ్చే మూలాలు

ఒక బహుపదిలోని గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలైతే, దాని మూలాల్లో వాస్తవం కానిది ఏదీ ఒంటరిగా రాదు. a + bi మూలమైతే a − bi కూడా తప్పకుండా మూలమే అవుతుంది. ఈ రెండో సంఖ్యను మొదటిదానికి సంయుగ్మం అంటారు. వర్గ సమీకరణంలో ఇది కంటికే కనిపిస్తుంది. x² − 2x + 5 = 0 సాధిస్తే సూత్రంలో వర్గమూలం ముందున్న ± గుర్తు వల్ల 1 + 2i, 1 − 2i రెండూ ఒకేసారి వచ్చేస్తాయి. ఐదో ఘాతానికో, ఏడో ఘాతానికో వెళ్తే అలాంటి సూత్రం చేతిలో ఉండదు. అయినా నియమం మాత్రం తప్పదు. కాబట్టి దాని కారణం ఆ ± గుర్తులో కాక ఇంకా లోతుగా ఉండాలి.

i గురించి లెక్కల్లో వాడుకునేది ఒకే ఒక్క సంగతి: దాని వర్గం −1. కానీ −i వర్గం కూడా −1 కదా! అందువల్ల ఒక లెక్కలో i ఉన్న ప్రతిచోటా −i పెట్టి మళ్లీ చేస్తే, పాత జవాబులోనే i గుర్తు మారి వస్తుంది. (2 + i)(1 + 3i) విలువ −1 + 7i. గుర్తులు మార్చి (2 − i)(1 − 3i) గుణిస్తే −1 − 7i వస్తుంది. కూడికలోనూ ఇంతే. చెరువు గట్టున ఉన్న చెట్టూ నీళ్లలో దాని నీడా కలిసి కదిలినట్టు, సంఖ్యల మధ్య ఏ కూడిక, ఏ గుణకారం జరిగినా వాటి సంయుగ్మాల మధ్య కూడా అదే జరుగుతుంది.

బహుపది విలువ కట్టడమంటే కూడికలు, గుణకారాలు చేయడమే. గుణకాలు వాస్తవ సంఖ్యలు కాబట్టి గుర్తు మార్చడానికి వాటిలో i లేదు, అవి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కనుక ఒక సంఖ్య దగ్గర బహుపది విలువ ఎంతో, దాని సంయుగ్మం దగ్గర ఆ విలువకు సంయుగ్మం వస్తుంది. మొదటి విలువ సున్నా అయితే రెండోదీ సున్నాయే. నిరూపణ మొత్తం ఇంతే. ఇందులో గుణకాలు వాస్తవం కావాలన్న షరతు వదలడానికి వీల్లేదు. x² − 3ix − 2 కు మూలాలు i, 2i. రెండింటిలో దేనికీ జంట లేదు, ఎందుకంటే −3i అనే గుణకం గుర్తు మార్చినప్పుడు మారిపోతుంది.

జంటలోని రెండు మూలాలతో కారణాంకాలు రాసి గుణిస్తే x² − 2ax + (a² + b²) వస్తుంది. i పూర్తిగా మాయమై వాస్తవ వర్గ బహుపది మిగులుతుంది. అసలు బహుపదిని దీనితో భాగిస్తే వచ్చే భాగఫలంలోనూ గుణకాలు వాస్తవాలే. కనుక అదే వాదాన్ని దానిపై మళ్లీ నడపవచ్చు. ఒక మూలం రెండుసార్లు వస్తే దాని సంయుగ్మం కూడా సరిగ్గా రెండుసార్లే వస్తుందని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంత సూటిగా కనిపించే విషయంలో మహా గణితవేత్తలు కూడా పొరపడ్డారు. భిన్న బహుపదులను సమాకలనం చేయాలంటే హారాన్ని వాస్తవ కారణాంకాలుగా విడగొట్టాలి. అందుకే అప్పట్లో ఇది అవసరమైన ప్రశ్న. x⁴ + a⁴ ను వాస్తవ వర్గ బహుపదులుగా విడగొట్టలేమని లైబ్నిట్జ్ 1702లో ప్రకటించాడు. x⁴ − 4x³ + 2x² + 4x + 4 కూడా విడిపోదని 1742లో ఆయిలర్‌తో నడిచిన ఉత్తరాల్లో నికొలస్ బెర్నూలీ వాదించాడు. విడిపోతుందని ఆయిలర్ చూపించాడు. బెర్నూలీ ఎంచుకున్న ఉదాహరణ నిజంగా మంచిది, అడుగడుగునా చూడదగ్గది.

మొదట x³ పదాన్ని తొలగించాలి. x స్థానంలో y + 1 పెట్టి విస్తరిస్తే y³ పదంతోపాటు y పదం కూడా పోయి y⁴ − 4y² + 7 మిగులుతుంది. దీన్ని y² లో వర్గ సమీకరణంగా సాధిస్తే y² = 2 + i√3 లేదా 2 − i√3. ఇక్కడ చేయి సహజంగా రాసేది (y² − 2 − i√3)(y² − 2 + i√3). రెండు కారణాంకాల్లోనూ i ఉంది. ఇక విడగొట్టలేమని అనిపించేది ఈ చోటనే.

లెక్కలో తప్పేమీ లేదు, జంట కట్టడంలోనే ఉంది చిక్కంతా. మొదటి కారణాంకంలో కలిసినవి ఒక మూలం, దానికి ఎదురు గుర్తున్న మూలం. z కు −z సంయుగ్మం కాదు. నాలుగు మూలాలను రెండు జంటలుగా కట్టడానికి మూడు మార్గాలున్నాయి. నాలుగూ వేర్వేరుగా ఉండి ఏదీ వాస్తవం కానప్పుడు, ఆ మూడింటిలో ఒక్కటే ప్రతి మూలాన్నీ దాని సంయుగ్మంతో కలుపుతుంది. కారణాంకంలో i మిగిలిందంటే జంటలు తప్పుగా కుదిరాయని అర్థం.

సరైన జంటలను పట్టుకోవడానికి 7 ను √7 వర్గంగా చూడాలి. (y² + √7)² లో y⁴ + 2√7y² + 7 ఉంటుంది. మనకు కావలసినదానికంటే ఇది (4 + 2√7)y² ఎక్కువ. ఆ ఎక్కువను తీసేస్తే రెండు వర్గాల భేదం వస్తుంది. s = √(4 + 2√7) అనుకుంటే, కారణాంకాలు y² − sy + √7, y² + sy + √7. s విలువ సుమారు 3.048. y స్థానంలో x − 1 పెడితే బెర్నూలీ బహుపది సుమారుగా (x² − 5.048x + 6.694)(x² + 1.048x + 0.598) అవుతుంది. సరిచూడాలంటే స్థిరపదాలను గుణిస్తే 4, x² గుణకాలను లెక్కిస్తే 6.694 + 0.598 − 5.290, అంటే 2 రావాలి. గుండ్రం చేసిన అంకెల్లో చిన్న తేడా తప్ప రెండూ సరిపోతాయి. లైబ్నిట్జ్ x⁴ + a⁴ కూడా ఇదే దారిలో లొంగుతుంది. (x² + a²)² నుంచి 2a²x² తీసేస్తే చాలు.

y పదం మిగిలిపోతే ఈ ఉపాయం నేరుగా పనిచేయదు. అప్పుడు y⁴ + py² + qy + r ను (y² + uy + v)(y² − uy + w) అని అనుకుని గుణకాలను పోల్చాలి. v + w = p + u², w − v = q/u, vw = r. వీటినుంచి v, w లను తొలగించి u² ను t అంటే t³ + 2pt² + (p² − 4r)t − q² = 0 అనే ఘన సమీకరణం వస్తుంది. t సున్నా దగ్గర ఎడమవైపు విలువ −q², అంటే రుణం. t బాగా పెరిగితే ధనం. మధ్యలో ఎక్కడో సున్నాను దాటక తప్పదు కాబట్టి ధన t ఒకటి ఉండి తీరుతుంది. అప్పుడు u వాస్తవం, దానితో v, w కూడా వాస్తవాలే. సంకీర్ణ సంఖ్యల ఊసే లేకుండా ఏ వాస్తవ చతుర్ఘాతమైనా విడిపోతుందని దీనితో రుజువైంది. q సున్నా అయిన సందర్భాన్ని మాత్రం పైన చేసినట్టు విడిగా చూడాలి.

బెర్నూలీ ఉదాహరణలో ఈ ఘన సమీకరణం t(t² − 8t − 12) = 0. దాని మూలాలు 0, 4 + 2√7, 4 − 2√7. జంట కట్టే మూడు మార్గాలకు ఈ మూడూ ఒక్కొక్కటిగా సరిపోతాయి. సున్నా, z ను −z తో కలిపిన మార్గం. 4 − 2√7 రుణసంఖ్య, కనుక దానితో వచ్చే u లో i ఉంటుంది. వాస్తవ కారణాంకాలు ఇచ్చేది 4 + 2√7 ఒక్కటే.

మూలాలు నాలుగూ వాస్తవాలైతే మూడు మార్గాలూ పనికొస్తాయి. అయితే కారణాంకాలు వాస్తవంగా ఉంటాయన్న హామీ ఉందిగానీ, పూర్ణాంకాలుగా ఉంటాయన్న హామీ లేదు. బెర్నూలీ బహుపదిలో గుణకాలన్నీ పూర్ణాంకాలే అయినా, కారణాంకాల్లో √7 వచ్చింది. 4 ను 1 × 4 గానో 2 × 2 గానో విడగొట్టి ఎంతసేపు వెతికినా ఆ కారణాంకాలు దొరకవు.