ఏడు కిలోల్లో ఏడు రోజులు

ముంబైలో వారం రోజుల ఆఫీసు పని. దేశీయ విమానాల్లో చేతి సామాను సాధారణంగా 7 కిలోలు దాటకూడదు. ఖాళీ ట్రాలీ బ్యాగు రెండున్నర కిలోలు, ల్యాప్‌టాప్, ఛార్జరు కలిపి ఇంకో రెండు అనుకుంటే బట్టలకీ మిగతా సామానుకీ దక్కేది రెండున్నరే.

అందుకే సర్దే ముందు కాగితం మీద గళ్లు గీయండి. పైన నాలుగు చొక్కాలు: తెలుపు, లేత నీలం, లేత గులాబీ, నీలి చారలది. పక్కన రెండు ప్యాంట్లు: నేవీ బ్లూ, బూడిద రంగు. ప్రతి జతనూ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి, నప్పితేనే టిక్కు కొట్టండి. నీలి చారలు నేవీ మీద తేలిపోయాయి; ఆ చొక్కాకు ఒక్క టిక్కే. దాని బదులు లేత ఊదా రంగుది పెడితే ఎనిమిది గళ్లూ నిండుతాయి. రెండు ప్యాంట్లకూ నల్ల బూట్లు, నల్ల బెల్టు చాలు. బ్లేజరు, బూట్లు ఒంటి మీదే ఉండాలి, బరువంతా వాటిదే.

జతలు ఎనిమిదైనా చొక్కాలు నాలుగే. ముంబై ఉక్కకు విడిచిన చొక్కా మళ్లీ తొడగలేం. కాబట్టి మంగళవారం రాత్రే రెండు ఉతకాలి. పిండాక పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా నొక్కితే నీరు చాలావరకు దిగుతుంది. పొద్దున కాలరు, గుండీల పట్టీ తడిమి చూడండి. అక్కడ చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు, ఆ రోజుకు వేరే చొక్కా తొడుక్కోండి.