బిల్లు మెయిల్‌లో ఏ అంకె ఎక్కడుండాలి

ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో నేను ఎనిమిదేళ్లు బిల్లులు పాస్ చేశాను. పొద్దున్నే మెయిల్ తెరిస్తే ‘బిల్లు’, ‘ఇన్‌వాయిస్ జతచేశాను’, ‘అర్జెంట్, దయచేసి చెల్లించండి’ అన్న సబ్జెక్టులతో వరసగా ఇరవై ముప్పై ఉండేవి. పంపినవాళ్లందరూ పని చేసి, డబ్బు కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. కానీ ఎవరు, ఏ పనికి, ఎంత, ఎప్పటిలోగా అడుగుతున్నారో తెలియాలంటే ప్రతి అటాచ్‌మెంట్‌నూ తెరిచి చూడాలి. ఆ ఇరవైలో ఒకటో రెండో మాత్రం తెరవకముందే అన్నీ చెప్పేసేవి. నా చెయ్యి ముందు వాటి మీదికే వెళ్లేది. ఇందులో పక్షపాతం ఏమీ లేదు. అర నిమిషంలో అయ్యే పనిని ఎవరైనా ముందు ముగిస్తారు.

బిల్లు ఒప్పుకోవడమంటే అకౌంట్స్‌లో మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడడం. ఒకటి, కంపెనీ ఇచ్చిన పర్చేజ్ ఆర్డరు. దాన్నే అందరం పీవో అంటాం. రెండు, సరుకు ముట్టినట్టో పని జరిగినట్టో కంపెనీ మనిషి సంతకం పెట్టిన కాగితం. మూడు, మీ బిల్లు. ఈ మూడింటిలో పరిమాణం, ధర, మొత్తం కలిస్తే బిల్లు ముందుకు కదులుతుంది, లేకపోతే ఆగుతుంది. ఆ సీట్లో కూర్చున్న మనిషికి మీరెవరో తెలియదు, మీ పని ఎంత బాగుందో తెలియదు. కంప్యూటర్లో వెతకడానికి ఒక నంబరు కావాలి, అంతే.

ఒక ఉదాహరణ అనుకుందాం. కూకట్‌పల్లిలో ఒకాయన సొంతంగా ఏసీ సర్వీసింగ్ చేస్తాడు. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో 80 ఏసీలను, ఒక్కోటి 1,500 రూపాయల చొప్పున సర్వీస్ చేశాడు. పని 2025 సెప్టెంబర్ 30న పూర్తయింది. అక్కడి ఫెసిలిటీ మేనేజరు సర్వీస్ రిపోర్టు మీద సంతకం పెట్టాడు. అక్టోబర్ 6న బిల్లు వేశాడు. పని విలువ 1,20,000, దాని మీద సీజీఎస్టీ 10,800, ఎస్‌జీఎస్టీ 10,800, మొత్తం 1,41,600. బిల్లు అందిన 30 రోజుల్లో చెల్లిస్తామని పీవోలో ఉంది. ఆ రోజే పంపే మెయిల్‌కు సబ్జెక్ట్ ఇలా ఉంటే చాలు:

```
Invoice SCS-2526-0147 | PO 4500012873 | Rs 1,41,600 | Due 05 Nov 2025
```

బిల్లు నంబరులో గీతలే వాడి, వాలుగీత వాడకపోవడానికి కారణం ఉంది. జీఎస్టీ నిబంధన ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు. అందులో గీత, వాలుగీత రెండూ వాడుకోవచ్చు. చాలామంది SCS/25-26/0147 అనే రాస్తారు. అది తప్పు కాదు. కానీ విండోస్‌లో ఫైలు పేరులో వాలుగీత పట్టదు. అప్పుడు ఫైలు పేరు ఒక రకంగా, బిల్లు మీద ఇంకో రకంగా, మెయిల్‌లో మూడో రకంగా తయారవుతుంది. మూడు నెలల తర్వాత ఎవరైనా వెతికితే ఒకటి దొరుకుతుంది, మిగతావి దొరకవు. గీతలతో రాస్తే బిల్లు మీద, సబ్జెక్టులో, ఫైలు పేరులో ఒకే నంబరు అక్షరం మారకుండా ఉంటుంది. తేదీలో నెలను పేరుతో రాయడమూ ఇలాంటి జాగ్రత్తే. 05/11 అని రాస్తే అమెరికా అలవాటున్న ఆఫీసులో దాన్ని మే 11గా చదువుతారు.

ఇక మెయిల్ లోపల. పలకరింపు ఒక్క వాక్యం చాలు. ఆ వెంటనే, అటాచ్‌మెంట్ తెరవకుండానే కనబడేలా, వరసకు ఒక విషయం:

```
బిల్లు: SCS-2526-0147, 06 అక్టోబర్ 2025
పీవో: 4500012873
సర్వీస్ రిపోర్టు: SR-0912, 30 సెప్టెంబర్ 2025 (80 ఏసీలు)
పని విలువ: రూ. 1,20,000
జీఎస్టీ: రూ. 21,600
మొత్తం: రూ. 1,41,600
గడువు: 05 నవంబర్ 2025 (బిల్లు అందిన 30 రోజులు, పీవో ప్రకారం)
బ్యాంకు: మీ రికార్డులో ఉన్న ఖాతాయే, చివరి అంకెలు 4471, మార్పు లేదు
```

ఇంగ్లీషులో రాసినా వరస ఇదే. ఈ ఎనిమిది వరసల్లో ఎక్కువమంది వదిలేసేది సర్వీస్ రిపోర్టును. బిల్లులు ఎక్కువగా ఆగేది కూడా అక్కడే. పీవోలో 80 ఏసీలు ఉండి, రెండు గదులకు తాళం వేసి ఉండడం వల్ల 78 మాత్రమే సర్వీస్ అయ్యాయనుకోండి. రిపోర్టులో 78 ఉంటుంది, బిల్లు 80కి వస్తుంది. అకౌంట్స్‌లో ఆ బిల్లును తిప్పి పంపరు, పక్కన పెడతారు. ఫెసిలిటీ మేనేజరును అడగాలి, ఆయన సెలవులో ఉంటాడు, అలా రెండు వారాలు గడుస్తాయి. సంతకం పడినదానికే బిల్లు వేసి, ఆ కాగితం నంబరును మెయిల్‌లోనే రాసి, దాని కాపీని బిల్లు వెనకే జతచేస్తే ఈ ఎదురుచూపు ఉండదు. ఒక మెయిల్‌కు ఒక్క బిల్లే పంపాలన్నదీ ఇందుకే. ఒకే మెయిల్‌లో ఐదు బిల్లులుంటే, పేచీ ఉన్న ఒక్కదాని వల్ల మిగతా నాలుగూ ఆగుతాయి.

పని విలువనూ జీఎస్టీనీ విడివిడిగా చూపించాలి. బిల్లు మీద ఎలాగూ ఉంటుంది కదా అని మెయిల్‌లో మొత్తం మాత్రమే రాస్తారు. కానీ కంపెనీ మీకు పంపేది ఆ మొత్తం కాదు. ఇలాంటి కాంట్రాక్టు పనికి, పాన్ ఇచ్చిన సొంత వ్యాపారికి ఒక శాతం టీడీఎస్ కోస్తారు. బిల్లులో జీఎస్టీని విడిగా చూపిస్తే, ఆ కోత పన్ను కలపని విలువ మీదే ఉండాలని ఆదాయపు పన్ను బోర్డు 2017లో సర్క్యులర్ ఇచ్చింది. అంటే మన ఉదాహరణలో 1,20,000 మీద 1,200. ఖాతాలో పడవలసింది 1,40,400.

ఈ లెక్క ముందే చేసి పెట్టుకున్నవాళ్లకు, వచ్చిన అంకె చూడగానే ఏం జరిగిందో తెలిసిపోతుంది. 1,40,184 పడిందంటే టీడీఎస్‌ను జీఎస్టీతో కలిపిన మొత్తం మీద కోశారు, 216 రూపాయలు ఎక్కువ పోయాయి. అది మీ పాన్ పేరిట జమ అవుతుంది కనుక పన్ను లెక్కలో తిరిగి దొరుకుతుంది. కానీ వచ్చే బిల్లుకైనా సరిచేయమని చెప్పాలి. 1,18,800 పడిందంటే జీఎస్టీ భాగాన్ని ఆపారు. కొన్ని కంపెనీలు ఇలా చేస్తాయి. మీరు జీఎస్‌టీఆర్-1 రిటర్నులో ఆ బిల్లు చూపించి, అది వాళ్ల జీఎస్‌టీఆర్-2బీలో కనబడితే తప్ప ఆ పన్నును వాళ్లు క్రెడిట్‌గా తీసుకోలేరు. అక్టోబర్ బిల్లుకు నెలవారీ రిటర్ను గడువు నవంబర్ 11. 2బీ తయారయ్యేది 14న. రిటర్ను వేసినా అక్కడ కనబడలేదంటే, కంపెనీ జీఎస్టీ నంబరు 15 అక్షరాల్లో ఒకటి తప్పు పడిందేమో చూసుకోవాలి.

గడువు తేదీ దగ్గర ఎక్కువమంది ‘30 రోజులు’ అని రాసి ఊరుకుంటారు. ఎప్పటినుంచి 30? బిల్లు తేదీ నుంచా, అందిన తేదీ నుంచా, పని అయిన తేదీ నుంచా? పీవోలో ఏముందో చూసి, లెక్క కట్టి, తేదీయే రాయాలి. పక్కన ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో నాలుగు మాటల్లో రాయాలి. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఇక్కడ చట్టం అండ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఈ లెక్క బిల్లు తేదీ నుంచి మొదలుకాదు, సరుకు ముట్టిన లేదా పని పూర్తయిన రోజు నుంచి మొదలవుతుంది. మన ఉదాహరణలో సెప్టెంబర్ 30 నుంచి 45 రోజులంటే నవంబర్ 14. పీవోలో 60 రోజులని రాసి ఉన్నా, చట్టం ప్రకారం ఆఖరు తేదీ అదే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా లెక్కకొస్తుంది. పైగా గడువు దాటిన బకాయిని, అసలు చెల్లించేదాకా, కంపెనీ తన ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేదు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఈ నియమం ఉంది. అందుకే ఉద్యమ్ నంబరును బిల్లు మీదే కాక మెయిల్ చివర, పేరు కింద కూడా వేయమంటాను. మార్చి నెలలో అకౌంట్స్ వాళ్లు ఆ నంబరున్న బిల్లులనే వెతుక్కుంటారు. ఇది వట్టి వ్యాపారులకు వర్తించదు, తయారీ, సేవలు చేసేవాళ్లకే.

బ్యాంకు వరసలో పూర్తి ఖాతా నంబరు కాకుండా ‘మార్పు లేదు’ అని రాయడం వింతగా అనిపించవచ్చు. పూర్తి వివరాలు బిల్లు పీడీఎఫ్‌లో ఉంటాయి. ఎవరిదో మెయిల్ పాస్‌వర్డ్ దొంగిలించి, వాళ్ల పేరుతోనే ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాసి డబ్బు మళ్లించే మోసం అన్నిచోట్లా జరుగుతోంది. నెఫ్ట్‌లో డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. పేరు వేరే ఉన్నా పోయిన డబ్బు పోయినట్టే. కాబట్టి బిల్లు మెయిల్‌లో కొత్త ఖాతా కనబడితే ఒళ్లు దగ్గర పెట్టుకున్న ఏ గుమాస్తా అయినా బిల్లును ఆపుతాడు. నిజంగానే ఖాతా మారితే ఆ సంగతిని బిల్లుతో కలపకుండా, రద్దుచేసిన చెక్కు జతచేసి వేరే ఉత్తరంగా పంపాలి. కంపెనీవాళ్లు తమ దగ్గరున్న పాత ఫోన్ నంబరుకే చేసి నిర్ధారించుకునేదాకా ఆగాలి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి. అందులో ఐదోది ఎప్పుడూ సున్నాయే. దాన్ని ఇంగ్లీషు ‘ఓ’ అక్షరంగా టైపు చేసిన బిల్లులు నేను చాలా చూశాను.

మన ఉదాహరణలో నవంబర్ 5 కార్తీక పౌర్ణమి, సెలవు. నెఫ్ట్ ఆ రోజూ పనిచేస్తుంది, కానీ ఆఫీసులో నొక్కేవాళ్లు ఉండరు. చాలా కంపెనీలు వారంలో ఒకటి రెండు రోజులే చెల్లింపులు చేస్తాయి. కాబట్టి గుర్తుచేయడానికి గడువు రోజు దాకా ఆగకుండా, ఓ వారం ముందు, అక్టోబర్ 29న రాయాలి. కొత్త మెయిల్ కాదు, బిల్లును మళ్లీ జతచేయకూడదు. రెండోసారి వచ్చిన బిల్లు కొత్తదో పాతదో తేలేదాకా రెండూ ఆగిపోయిన సందర్భాలు నాకు తెలుసు. 6వ తేదీన పంపిన మెయిల్‌కే రిప్లై నొక్కి, ‘ఈ బిల్లు పాస్ అయిందా, లేక ఏదైనా కాగితం కావాలా?’ అని అడిగితే చాలు. కింద పాత ఎనిమిది వరసలూ ఉంటాయి కనుక చదివేవాళ్లకు ఇంకేమీ వెతకనక్కర్లేదు. డబ్బు పడ్డాక బ్యాంకు యూటీఆర్ నంబరునూ, 1,40,400 వచ్చిందన్న మాటనూ అదే వరసకు రిప్లైగా రాసి పంపితే, రెండువైపులా ఆ బిల్లు ఖాతా మూతపడుతుంది.