ముద్దుమాటల రాగం తీయించేది ఎవరు?

ఆఫీసులో అందరినీ గడగడలాడించే మనిషి కూడా నాలుగు నెలల పాప ఎదుట కూర్చుంటే చాలు, "ఏంటమ్మా… బువ్వ తిన్నావా… తిన్నావా…" అంటూ రాగం అందుకుంటాడు. గొంతు పైస్థాయికి వెళ్తుంది, మాట నెమ్మదిస్తుంది, అచ్చులు సాగుతాయి, అన్న మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. ఇలా మాట్లాడమని ఆయనకు ఎవరూ నేర్పలేదు. మరి ఎలా వచ్చింది?

ముందు పిల్లల వైపు నుంచి చూద్దాం. అమెరికాలో ఆన్ ఫెర్నాల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో నాలుగు నెలల పిల్లలను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, చెరోవైపు ఒక స్పీకరు పెట్టారు. పాప ఒకవైపు తల తిప్పితే ముద్దుగా పలికిన మాటలు, రెండోవైపు తిప్పితే పెద్దవాళ్లతో మాట్లాడే తీరులో మాటలు వినిపిస్తాయి. పిల్లలు ఎక్కువగా ముద్దుమాటల వైపే తిరిగారు. రెండేళ్ల తర్వాత ఆమె, ప్యాట్రీషియా కూల్‌తో కలిసి, ఆ మాటల్లోంచి పదాలన్నీ తీసేసి గొంతు ఎక్కి దిగే తీరును మాత్రమే వినిపించారు. అప్పుడూ పిల్లలు అటే తిరిగారు. ఆ తీరు తీసేసి లయను, లేదా శబ్దంలోని హెచ్చుతగ్గులను మాత్రమే ఉంచితే పట్టించుకోలేదు. వాళ్లను లాగింది రాగమే.

అంతకంటే తమాషా అయిన ప్రయోగం కెనడాలో నికోలస్ స్మిత్, లారెల్ ట్రెయినర్ చేశారు. తల్లి ఒక గదిలో ఉండి, వీడియోలో పాపను చూస్తూ మాట్లాడుతుంది. తల్లికి తెలియకుండా పాప పక్కన మరో మనిషి ఉంటారు. కొందరు తల్లుల విషయంలో, గొంతు పెరిగినప్పుడల్లా ఆ మనిషి పాపను నవ్వించారు. మరికొందరి విషయంలో గొంతు తగ్గినప్పుడు నవ్వించారు. మొదటి జట్టు తల్లులు గొంతును ఇంకా పెంచుకుంటూ పోయారు. పాప నవ్వును బట్టి తమ గొంతు మారుతోందని వాళ్లకు తెలియదు. అంటే మనం పాపను ఆడిస్తున్నామని అనుకుంటున్న సమయంలో పాప కూడా మనల్ని ఆడిస్తోంది. "ఊఁ" అని పాప అనడం, మనం ఆగి చూడడం, మళ్లీ మనం అందుకోవడం… అనుబంధం అల్లుకునేది ఈ వంతులవారీ కబుర్లలోనే.

ఇక భాష సంగతి. మనకు పదాల మధ్య ఖాళీ వినిపిస్తున్నట్టే ఉంటుంది గానీ, నిజానికి మాట గుక్క తిప్పకుండా సాగిపోతుంది. "వేడివేడిబువ్వతిందామా"లో పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్తగా వినే చెవికి తెలియదు. ఏడెనిమిది నెలల పిల్లలకు కల్పిత పదాల వరుసను వినిపించి చూస్తే, ముద్దుమాటల రాగంలో విన్నప్పుడే వాళ్లు పదాలను విడదీయగలిగారు. "ఏదీ బువ్వ? ఇదిగో బువ్వ!" అన్నప్పుడు మనం తెలియకుండానే ఆ పదాన్ని చివరకు తెచ్చి, సాగదీసి, రెండుసార్లు చూపిస్తున్నాం. బువ్వ, బొజ్జ, తాత, లాల అన్నీ రెండక్షరాల మాటలే, చిన్న నోటికి అందేవే. ఇవి వాడితే పిల్లలకు అసలు మాటలు రావని కొందరు కంగారుపడతారు. నాకు ఆ భయం అక్కర్లేదనిపిస్తుంది. "అన్నం" ఇంట్లో ఎలాగూ వినబడుతూనే ఉంటుంది.

పెంపుడు పిల్లితోనూ ఇలాగే మాట్లాడతాం కదా అంటారా? సిడ్నీలో డెనిస్ బర్న్‌హామ్ బృందం 2002లో దాన్నే పరీక్షించింది. పిల్లలతోనూ, పెంపుడు జంతువులతోనూ తల్లుల గొంతు పెరిగింది, ఆప్యాయత కూడా నిండింది. కానీ అచ్చులను విడివిడిగా, స్పష్టంగా పలికింది పిల్లలతో మాట్లాడేటప్పుడే. మాట నేర్చుకునే ప్రాణి ఎవరో నోటికి తెలుసన్నమాట!

అయితే ఇది లేకపోతే భాషే రాదని కాదు. గ్వాటెమాలాలోని కిచే మాయా తల్లులు పిల్లలతో మాట్లాడేటప్పుడు గొంతు పెంచరని పరిశోధకులు గమనించారు. వాళ్ల పిల్లలూ చక్కగా మాట్లాడతారు. రాగం దారిని సులువు చేస్తుంది, అంతే.

ఆ రాగం చప్పబడిపోయే సందర్భం ఒకటుంది. ప్రసవం తర్వాత కుంగుబాటులో ఉన్న తల్లి గొంతులో ఎత్తుపల్లాలు తగ్గుతాయి. పీటర్ కాప్లాన్ బృందం నాలుగు నెలల పిల్లలకు ఒక గొంతు వినిపించి, వెంటనే నవ్వే ముఖం బొమ్మ చూపించి, ఈ రెండింటినీ వాళ్లు జతచేసుకుంటారా అని చూసింది. కుంగుబాటులో ఉన్న తల్లుల పిల్లలు తమ తల్లి గొంతుతో జతచేసుకోలేకపోయారు. కుంగుబాటు లేని మరో తల్లి గొంతు వినిపిస్తే నేర్చుకున్నారు. అంటే పిల్లలలో నేర్చుకునే శక్తి అలాగే ఉంది. అందుకే నాన్న, అమ్మమ్మ, పిన్ని రోజూ పాపతో కబుర్లాడటం ఆ ఇంట్లో నిజంగా పనికొస్తుంది. తల్లిలో దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం, "కొత్త కదా, సర్దుకుంటుందిలే" అనుకోకుండా ఆమెను డాక్టరుకు చూపించాలి.