ధర పెరిగాక వెళ్లిపోయింది ఎందరు?

2024 జులై 3న జియో, ఎయిర్‌టెల్, ఆ మర్నాడు వొడాఫోన్ ఐడియా రీఛార్జ్ ధరలు పెంచాయి. జియోలో 28 రోజులకు 239 రూపాయలున్న ప్యాక్ 299 అయింది. 84 రోజుల 666 ప్యాక్ 799కి చేరింది. బీఎస్ఎన్ఎల్ మాత్రం పెంచలేదు. ఆ నెలకు ట్రాయ్ ప్రకటించిన లెక్కలో ఎయిర్‌టెల్‌కు దాదాపు 17 లక్షల కనెక్షన్లు, వొడాఫోన్ ఐడియాకు 14 లక్షలు, జియోకు ఏడున్నర లక్షలు తగ్గాయి. బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షలకు పైగా పెరిగాయి. జనం ధరకు జడిసి బీఎస్ఎన్ఎల్‌కు క్యూ కట్టారని పత్రికలు రాశాయి. ఆ మాటలో నిజముంది. ఎంత నిజమో తేల్చడమే కష్టం.

జియో లెక్కను నెలనెలా చూస్తే ఆ చిక్కు తెలుస్తుంది. జులైలో తగ్గింది ఏడున్నర లక్షలే. ఆగస్టులో 40 లక్షలు తగ్గాయి. సెప్టెంబరులో ఏకంగా 79 లక్షలు, అక్టోబరులో 37 లక్షలు పోయాయి. ధర పెరిగింది జులై మొదటి వారంలో అయితే, దెబ్బ సెప్టెంబరులో ఎందుకు గట్టిగా తగిలింది?

కొత్త ధర అందరికీ ఒకే రోజున ఎదురుపడదు. జులై 2న 84 రోజుల ప్యాక్ వేయించుకున్న మనిషికి సెప్టెంబరు 24 దాకా ఏ బాధా లేదు. ఏడాది ప్యాక్ ఉన్నవారికి మరుసటి ఏడాదే. పైగా పెంపు సంగతి జూన్ ఆఖరి వారంలోనే తెలిసిపోయింది కాబట్టి, పాత ధరకే ముందస్తు రీఛార్జ్‌లు వేసి పెట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఇంకొకటి, ప్రీపెయిడ్ సిమ్‌ను ఎవరూ దరఖాస్తు పెట్టి రద్దు చేసుకోరు. రీఛార్జ్ చేయడం మానేస్తారు, అంతే. 90 రోజులు వాడకం లేకుండా పడి ఉంటే కంపెనీ దాన్ని తొలగించవచ్చు. జులైలో మనసు విరిగిన మనిషి అక్టోబరు లెక్కలో కనిపించడం అందుకే సహజం.

ఆ పోయిన సిమ్‌లలో చాలావాటి వెనుక మనిషి పోలేదనడానికి కూడా ఒక ఆనవాలు ఉంది. ట్రాయ్ మొత్తం కనెక్షన్లతో పాటు, నిజంగా నెట్‌వర్క్‌లో చురుగ్గా ఉన్నవాటి లెక్కనూ విడిగా ఇస్తుంది. అక్టోబరులో జియో మొత్తం కనెక్షన్లు తగ్గినా, చురుకైనవి పెరిగాయి. ధర పెరిగేసరికి చాలా ఇళ్లలో రెండో సిమ్‌ను వదిలేశారని, మొదటిది అలాగే ఉంచుకున్నారని దీన్నిబట్టి అనుకోవచ్చు. దీన్ని కస్టమర్ పోవడంగా లెక్కపెట్టాలా వద్దా అన్నది కొలిచేవాడు ముందే తేల్చుకోవాలి. తరవాత తేల్చుకుంటే తనకు నచ్చిన జవాబు వచ్చేలా తేల్చుకుంటాడు.

బయటినుంచి చూసే మనకు ఇంతకు మించి తెలియదు. కంపెనీ లోపల మాత్రం ప్రతి చందాదారుడి గడువు తేదీ, కట్టిన సొమ్ము, మానేసిన రోజు అన్నీ ఉంటాయి. అవి చేతిలో ఉన్నప్పుడు లెక్క ఎలా వేయాలో ఒక చిన్న ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

ఒక జిల్లా కేంద్రంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆపరేటర్ ఉన్నాడనుకుందాం. కాలేజీలున్న పేటలో అతనికి 3,000 కనెక్షన్లు. వాటిలో 2,400 నెలవారీవి, 600 మూణ్నెల్లకోసారి కట్టేవి. ఏప్రిల్ 1 నుంచి నెల చార్జీ 500 నుంచి 600 చేశాడు. ఏప్రిల్‌లో 130 మంది కట్టడం మానేశారు. మార్చిలో మానేసినవారు 52 మందే. తేడా 78. ‘వంద పెంచినందుకు 78 మంది పోయారు’ అని అతని గుమాస్తా తేల్చేశాడు.

ఇందులో మొదటి తప్పు భాగహారంలో దొర్లుతుంది. 130ని 3,000తో భాగిస్తే నాలుగు శాతం పైచిలుకు వస్తుంది. కానీ ఏప్రిల్‌లో గడువు ముగిసింది అందరికీ కాదు. నెలవారీవాళ్లు 2,400 మందికి, మూణ్నెల్లవాళ్లలో మూడోవంతుకు, అంటే 200 మందికి మాత్రమే కొత్త బిల్లు అందింది. మిగతా 400 మంది ఇంకా పాత ధరమీదే ఉన్నారు. వాళ్లు ఉండిపోవడాన్ని కొత్త ధరకు ఒప్పుకోవడంగా లెక్కించకూడదు. కాబట్టి 130ని 2,600తో భాగించాలి. అప్పుడు సరిగ్గా 5 శాతం వస్తుంది. మార్చిలో కూడా గడువు ముగిసింది 2,600 మందికేననుకుంటే 52 అంటే 2 శాతం. కస్టమర్లలో ఎందరు మానేశారన్న శాతాన్నే వ్యాపారంలో ‘చర్న్’ అంటారు. ఇది 2 నుంచి 5కు పెరిగింది. వందకు ముగ్గురు అదనం.

ఆ ముగ్గురూ ధరవల్లే వెళ్లారా? ఏప్రిల్ అంటే పరీక్షలు అయిపోయి విద్యార్థులు గదులు ఖాళీ చేసే కాలం. కాలేజీ పేటలో ధర పెరగకపోయినా కొన్ని కనెక్షన్లు రద్దవుతాయి. దాన్ని తీసేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నిరుడు ఏప్రిల్ లెక్క చూడటం. రెండోది ఇంకా మంచిది, అదే నెలలో ధర పెరగని చోటు లెక్క చూడటం. మన ఆపరేటర్‌కు పక్క పేటలో, అక్కడా విద్యార్థులే, ఇంకో వెయ్యి కనెక్షన్లు ఉన్నాయి. అన్నీ నెలవారీవే. అక్కడ చార్జీ ఇంకా 500 రూపాయలే. ఆ పేటలో మార్చిలో 20 మంది, ఏప్రిల్‌లో 35 మంది మానేశారు. అంటే 2 శాతం నుంచి మూడున్నరకు. ధర ఊసే లేకుండా వందకు ఒకటిన్నర పెరిగింది. మొదటి పేటలో పెరిగిన 3 నుంచి దీన్ని తీసేస్తే మిగిలేది ఒకటిన్నర. 2,600 మందిమీద అది 39 మంది. గుమాస్తా చెప్పిన 78కి ఇది సరిగ్గా సగం.

తేడాల్లోంచి తేడాను తీసే ఈ పద్ధతి ఆర్థికశాస్త్రంలో పాతదే. దీని బలం, బలహీనత ఒక్క ఊహమీద నిలబడి ఉంటాయి. ధర పెంచకపోయి ఉంటే రెండు పేటలూ ఒకేలా నడిచేవని మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకాన్ని పరీక్షించాలంటే పెంపుకు ముందు ఆరు నెలలో ఏడాదో రెండు పేటల చర్న్‌నూ ఒకే కాగితంమీద గీసి చూడాలి. రెండు గీతలూ కలిసి ఎక్కి, కలిసి దిగితే పోలిక నిలుస్తుంది. మొదటి పేటలో ఏప్రిల్‌లోనే ఇంకో ఆపరేటర్ కొత్తగా దుకాణం తెరిచి ఉంటే మాత్రం ఏ గీతలూ ఆదుకోవు.

ఇప్పుడు చాలామంది దాటవేసే మాట ఒకటి. ఆ 39 ఎంత గట్టి సంఖ్య? నెలకు 35 మంది మానేసే చోట, ఏ కారణమూ లేకుండానే అది ఒక నెల 25, ఇంకో నెల 45 కావచ్చు. ఉజ్జాయింపు సూత్రం సులువే. మానేసినవారి సంఖ్యకు వర్గమూలం కట్టి రెట్టింపు చేస్తే, దైవికంగా వచ్చే ఊగిసలాట అటూ ఇటూ ఎంతో తెలుస్తుంది. 35కు వర్గమూలం దాదాపు 6, రెట్టింపు 12. రెండు పేటల్లో రెండేసి నెలలు, నాలుగు సంఖ్యలూ ఊగుతాయి. అన్నీ కలిపి చూస్తే మన ఒకటిన్నర శాతంలో అటూ ఇటూ 1.8 దాకా అనుమానం ఉంది. మనుషుల్లో చెప్పాలంటే, ధరవల్ల వెళ్లినవారు సున్నా కావచ్చు, 85 మంది దాకా కూడా కావచ్చు. నాకైతే, ‘39’ అని ఒక్క సంఖ్య చెప్పి ఊరుకోవడం కన్నా ‘ఒక్క నెల లెక్కతో తేలదు’ అనడమే నిజాయితీ అనిపిస్తుంది. పెంపుకు ముందు మూడు నెలలు, తరవాత మూడు నెలలు కలిపితే ఈ అనుమానం సుమారు 40 శాతం తగ్గుతుంది. జూన్ ఆఖరుకు మూణ్నెల్లవాళ్లు కూడా అందరూ కొత్త బిల్లు చూసి ఉంటారు కాబట్టి ఆగడానికి అదీ ఒక కారణం.

ముందు నెలలను ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. పెంపు సంగతి మార్చి 15న చెప్పి ఉంటే, చాలామంది ఆ రెండు వారాల్లో పాత ధరకే మూణ్నెల్లకు కట్టేస్తారు. మార్చి చర్న్ అబద్ధంగా తక్కువ కనిపిస్తుంది. అలా కట్టినవాళ్లు ఏప్రిల్ లెక్కలోంచి తప్పుకుంటారు. ధర గురించి ఎక్కువ పట్టింపు ఉన్నవాళ్లు సరిగ్గా వీళ్లే. వాళ్ల నిర్ణయం జూన్‌లోగానీ బయటపడదు. అందుకే పెంపును ప్రకటించిన రోజునుంచి అమలైన రోజు దాకా ఉన్న కాలాన్ని ‘ముందు’ లెక్కలో వేయకుండా పక్కన పెడతారు.

ఇంతకీ వందకు ఒకటిన్నర పోతే నష్టమా? 500 చార్జీ 600 అయితే ఆరుగురిలో ఒకరు వెళ్లిపోయినా వసూలు పాతదే. ఒక్కసారి ఒకటిన్నర శాతం పోతే ఆపరేటర్ లాభంలోనే ఉంటాడు. అదే అదనపు ఒకటిన్నర నెలనెలా కొనసాగితే, ఏడాది తిరిగేసరికి వందలో 16, 17 మంది అదనంగా పోయి ఉంటారు. ఆరింట ఒకటి అంటే అదే! కాబట్టి మొదటి నెల ఎంత పెరిగిందన్నదానికన్నా, ఆ పెరుగుదల దిగివస్తోందా లేదా అన్నదే డబ్బు లెక్కను తేలుస్తుంది.

జియోలో అది దిగివచ్చింది. కంపెనీ మూడు నెలలకోసారి ప్రకటించే ఫలితాల ప్రకారం నెలసరి చర్న్ పెంపుకు ముందు త్రైమాసికంలో 1.7 శాతం, పెంచిన త్రైమాసికంలో 2.8, ఆ తరవాత 2.0. ఒక్కో చందాదారుడిపై నెలకు వచ్చే సగటు ఆదాయం అదే కాలంలో దాదాపు 182 రూపాయలనుంచి 195కి, తరవాత 203కి చేరింది. కంపెనీ వసూలు వరకు చూస్తే పెంపు గిట్టుబాటయింది. బీఎస్ఎన్ఎల్ జులై నుంచి అక్టోబరు దాకా 68 లక్షల దాకా కూడగట్టుకుని, నవంబరులో మూడు లక్షలకు పైగా పోగొట్టుకుంది.

ఈ లెక్కలను చూడాలనుకునేవారికి ట్రాయ్ నెలవారీ నివేదికలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో మొత్తం కనెక్షన్ల పట్టికతో పాటు చురుకైన కనెక్షన్ల పట్టికనూ తప్పక చూడండి. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేర్వేరు వరసలు వెతకకండి. టెలికాం లెక్కల్లో రెండు రాష్ట్రాలూ ఇప్పటికీ ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఒకే సర్కిల్ కింద ఉన్నాయి.