మంచం దగ్గరి చార్టును నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవాలంటే...

అత్తగారో, నాన్నగారో జ్వరంతో హాస్పిటల్లో నాలుగు రోజులున్నారనుకోండి. ఇంటికొచ్చాక మన ఫ్యామిలీ డాక్టరుగారు "జ్వరం ఎప్పుడెప్పుడు వచ్చిందమ్మా?" అనడిగితే తడుముకుంటాం. డిశ్చార్జి కాగితంలో ఇవన్నీ ఉండకపోవచ్చు. అవి మంచం దగ్గర తగిలించే చార్టులో ఉంటాయి. డిశ్చార్జికి ముందే సిస్టర్‌ని అడిగి, రెండు గీతల నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి.

చార్టు అడ్డంగా నడుస్తుంది, మన నోట్‌బుక్ నిలువుగా. అందుకే మొదట అంకెల జోలికి పోకుండా తేదీ, టైము మాత్రం వరసగా రాసుకోండి. ఆ తర్వాత టెంపరేచరు, పల్సు, బీపీ అని మూడు గళ్ళు గీసి నింపండి. చార్టు మీద ఒక పోస్టుకార్డు ముక్క అడ్డం పెట్టుకుంటే పక్క గడిలోకి కన్ను జారదు.

ఎక్కువగా పొరబాటు జరిగేది తేదీ దగ్గరే. 12వ తేదీ కింద 6, 10, 2, 6, 10, 2 అని ఆరు గళ్ళున్నాయనుకుందాం. మొదటి 2 మధ్యాహ్నం. చివరి 2 అర్ధరాత్రి దాటాక, అంటే అది 13వ తేదీ! ఆ గడిలో 102.2 ఉంటే మీ పుస్తకంలో ఇలా రావాలి:

12వ తేదీ, ఉదయం 6 – 99.4 – 84 – 120/80
12వ తేదీ, ఉదయం 10 – 38.4 సెంటిగ్రేడ్ – 100 – 110/70
13వ తేదీ, రాత్రి 2 – 102.2 – 108 – (ఖాళీ)

(మధ్యలోవి ఇక్కడ వదిలేశాను, మీరు మాత్రం వదలకండి.)

రెండో వరస చూశారా? ఆ పూట డ్యూటీ సిస్టర్ సెంటిగ్రేడ్‌లో రాసింది. 38.4ని 1.8తో హెచ్చవేసి 32 కలిపితే 101.1 ఫారిన్‌హీట్. అసలు అంకెను కొట్టెయ్యకుండా పక్కన ఇది రాసుకోండి. కొన్ని చార్టుల్లో అంకె బదులు చుక్కలు పెట్టి గీతతో కలుపుతారు. అప్పుడు 100కి, 101కి మధ్య ఎన్ని చిన్న గళ్ళున్నాయో లెక్కపెట్టండి. అయిదుంటే ఒక్కో గడి 0.2 డిగ్రీలు.

మూడో వరసలో బీపీ చూడలేదు కాబట్టి ఖాళీ. పాత అంకెనే దించేయడం, "మామూలే అయ్యుంటుంది" అని 120/80 వేసేయడం వద్దు. "జ్వరం లేదు" అని మాటల్లో ఉంటే మాటల్లోనే రాయండి, 98.6 అని కల్పించకండి.

ఇక చేతిరాత సంగతి! బీపీ మధ్య గీత ఒకటిలా కనపడి 110/70 కాస్తా 110170 అయిపోతుంది. బీపీలో పై అంకె ఎప్పుడూ కింది అంకెకన్నా పెద్దది, అది తిరగబడితే మీరు తప్పు దించినట్టే. పల్సు 84, 88 మధ్య ఒక్కసారి 18 అని కనిపిస్తే, అది 78 అయ్యుండొచ్చు. అయినా మనకై మనం దిద్దకూడదు. ప్రశ్నార్థకం పెట్టి సిస్టర్‌ని అడగండి.

అంతా అయ్యాక ఇంట్లో ఒకరిని చార్టు పైకి చదవమని, మీరు పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ పోండి. వీలైతే సిస్టర్‌తో చెప్పి చార్టును సెల్‌ఫోన్లో ఫొటో కూడా తీసుకోండి. ప్రశ్నార్థకాలున్న చోట డాక్టరుగారు దాన్నే చూపించమంటారు.