ముందు మర, తర్వాతే మిషన్

కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషికి కానుక కొనాలనగానే చాలామంది చెయ్యి కప్పుల మీదికే పోతుంది. అందుకే అలాంటివాళ్ల ఇళ్లలో బొమ్మల కప్పులు అల్మరా నిండా ఉంటాయి. వాళ్లు మాత్రం రోజూ ఆ పాత స్టీలు గ్లాసులోనే తాగుతారు. కానుక రోజూ వాడకంలోకి రావాలంటే ఎదుటివాళ్లు ఇప్పుడు కాఫీ ఎలా కలుపుకుంటున్నారో ముందు చూడాలి. చూసి, దానికి ఒక్క మెట్టు పైది కొనాలి. నాలుగు మెట్లు పైది కొన్నామంటే అది అటక ఎక్కుతుంది.

ఇన్‌స్టంట్ పొడి తాగేవాళ్లకు ఆ ఒక్క మెట్టు ఏమిటంటే మామూలు స్టీలు ఫిల్టరు, పక్కన పావుకిలో మంచి పొడి. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. సైజు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. కానుక కదా అని పెద్దది కొంటారు. అందులో ఇద్దరికి సరిపడా పొడి వేస్తే అడుగున పలచటి పొరలా పరుచుకుంటుంది, నీళ్లు దాన్ని పట్టించుకోకుండా జారిపోతాయి, డికాక్షన్ నీళ్లలా దిగుతుంది. ఇద్దరున్న ఇంటికి చిన్న ఫిల్టరే సరి.

వాడే పద్ధతి ఒక చీటీ మీద రాసి ఆ ఫిల్టరులోనే పెట్టి ఇస్తే ఇంకా మంచిది. పై గిన్నెలో ఇరవై గ్రాములు, అంటే గుమ్మటంగా మూడు పెద్ద చెంచాల పొడి. కాడ ఉన్న బిళ్లతో పొడి సమంగా సర్దుకునేంత మాత్రమే ఒత్తాలి. తెర్లి దించిన నీళ్లు నూట నలభై మిల్లీలీటర్ల దాకా పోసి మూత పెట్టాలి. తడిసిన పొడి కొంత నీటిని తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి కిందికి వంద మిల్లీలీటర్ల చిక్కటి డికాక్షన్ దిగుతుంది. దానికి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టాలి. అయిదు నిమిషాల్లోనే దిగిపోతే పొడి బరకగా ఉన్నట్టు. గంటైనా దిగకపోతే పొడి మరీ మెత్తనైనా అయుండాలి, గట్టిగా ఒత్తేసైనా ఉండాలి. ఒక్కోసారి ఈ రెండూ కారణం కావు. రెండు గిన్నెలూ బిగుసుకుపోయి కింది గాలి బయటికి పోలేక నీళ్లు నిలిచిపోతాయి. పై గిన్నెను కాస్త కదిపి వదులు చేస్తే చాలు, బొట్టు పడుతుంది.

ఇక పొడి. ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది అచ్చు వేయాలని మన దేశంలో నిబంధన ఉంది. ఎనభై–ఇరవై, డెబ్భై–ముప్పై అని రాసి ఉండేది అదే. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు, అందులో కెఫీన్ ఉండదు. చిక్కదనం, ముదురు రంగు, చిరుచేదు దాని చలవే. చికోరీ కలిస్తే కల్తీ అని మూతి విరిచేవాళ్లున్నారు గానీ, పాలు పోసి తాగే కాఫీకి ఇరవై శాతం చికోరీ చక్కగా నప్పుతుందని నా అభిప్రాయం. పాలు లేకుండా తాగేవాళ్లకైతే చికోరీ లేనిది ఇవ్వాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా అలాంటివాళ్లకు మంచి కానుక.

ఇప్పటికే ఫిల్టరు, నచ్చిన పొడి కొట్టు, తన లెక్క అన్నీ ఉన్న మనిషికి ఏమివ్వాలి? చాలామంది ఇక్కడ ఇత్తడి ఫిల్టరు కొంటారు. చూడ్డానికి బాగుంటుంది. లోపల కళాయి పూత ఉందో లేదో చూడకుండా మాత్రం కొనొద్దు, ఎందుకంటే కాఫీకి పులుపు గుణం ఉంది. రుచిలో తేడా కావాలనుకుంటే నా ఓటు చేతితో తిప్పే మరకే.

గింజ వేయించాక కొన్ని వారాల పాటు బాగుంటుంది. పొడి అయిన క్షణం నుంచి వాసన పోవడం మొదలవుతుంది. నెలకు సరిపడా పట్టించి డబ్బాలో పోసుకునే ఇంట్లో మొదటి వారం కాఫీకీ చివరి వారం కాఫీకీ పోలికే ఉండదు. మిక్సీ ఉందిగా అంటారు. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది. కొంత దుమ్మవుతుంది, కొంత పలుకుగా మిగులుతుంది. దుమ్ము ఫిల్టరు చిల్లుల్ని మూసి చేదు దింపుతుంది, పలుకులోని రుచి దిగనే దిగదు. మరలో రెండు పళ్ల చక్రాల మధ్య గింజ నలుగుతుంది. ఆ సందు ఎంత ఉంటే పొడి దాదాపు అంత మెత్తగా వస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు రెండు మూడు వేలల్లోనే వాడుకోదగ్గవి దొరుకుతాయి. బాగా ముదిరినవాళ్ల మరలు పది వేలు దాటతాయి.

రాజమండ్రిలో మా బావగారికి ఇలాంటి మరే ఇచ్చాం, దాంతోపాటు వేయించిన తేదీ అచ్చు వేసిన గింజల ప్యాకెట్, గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా. మొదటి రోజు ఆయన అలవాటు కొద్దీ మరీ మెత్తగా పట్టారు. ఫిల్టరు గంటసేపు మొండికేసింది. మర్నాడు చక్రం రెండు గీతలు వదులు చేస్తే సుమారు ఇరవై నిమిషాల్లో దిగింది, ఇక ఆ గీత మార్చలేదు. చికోరీని మరలో వేయరు; పదహారు గ్రాముల గింజలు పట్టి, నాలుగు గ్రాముల చికోరీ పొడి విడిగా కలుపుతారు. అదే ఎనభై–ఇరవై. “రోజూ ఈ తిప్పుడేమిటండీ” అని అక్క విసుక్కుంటుంది గానీ మొదటి గ్లాసు ఆవిడకే.

ఈ కానుక అందరికీ పనికిరాదు. చేతి మరలో ఒక వాయికి ఇరవై, ముప్పై గ్రాములే పడతాయి. ఆరుగురున్న ఇంట్లో రోజూ మూడు వాయిలు ఎవరు తిప్పుతారు? కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు, అందులోనూ తక్కువగా వేయించిన గట్టి గింజలు వాడేవాళ్లకు, కరెంటు మరే నయం.

ఇటలీలో 1933లో బియాలెట్టి తెచ్చిన మోకా పాట్ కూడా మంచి కానుకే. పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో చిక్కటి కాఫీ పైకి ఎక్కిస్తుంది. అయితే అల్యూమినియంది ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. చిన్న సైజుదైతే మన గ్యాస్ పొయ్యి కడ్డీల మధ్య ఒరిగిపోతుంది, ఆనించడానికి చిన్న జాలీ కూడా జత చేయాలి. ఎస్ప్రెస్సో మిషన్ జోలికి మాత్రం మంచి మర లేని ఇంట్లో పోవద్దు. తొమ్మిది బార్ల ఒత్తిడి మీద నీళ్లు అరనిమిషంలో దూసుకుపోవాలి కాబట్టి, పొడి ఏ కాస్త తేడాగా ఉన్నా కాఫీ పుల్లగానో చేదుగానో వస్తుంది. మిషన్‌కు పెట్టేదాంట్లో సగం మరకు పెట్టినా తప్పు లేదు.

టీ ప్రియుల దగ్గర లెక్క ఇంకోటి. ఇరానీ చాయ్ మనిషికి డార్జిలింగ్ ఆకు ఇస్తే “ఇదేంటి, గడ్డి నీళ్లు” అంటారు, పాపం ఆ ఆకు తప్పేమీ లేదు. వాళ్ల చాయ్‌కి సన్నగా గుండ్రంగా ఉండే సీటీసీ పలుకు కావాలి; మంచి అస్సాం పొడి, మందపాటి అడుగున్న గిన్నె ఇస్తే సంబరపడతారు. పాలు లేకుండా తాగేవాళ్లకు మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసిన డార్జిలింగ్ తొలికోత వంద గ్రాములు, లోపల జల్లెడ ఉన్న చిన్న గాజు కూజా ఇవ్వచ్చు. కూజా జల్లెడ వెడల్పుగా ఉండాలి, ఆకు విచ్చుకోవడానికి చోటు కావాలి. గొలుసుకు వేలాడే చిన్న గుండులో ఆకు ఇరుక్కుని సగం రుచే దిగుతుంది. కప్పుకి రెండు గ్రాములు, తెర్లాక రెండు నిమిషాలు ఆగిన నీళ్లు, మూడు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే ఎంత ఖరీదైన ఆకైనా వగరెక్కుతుంది.