1881 నాటి అలకు 2018 తేదీ!

1881 డిసెంబరు 31న కార్ నికోబార్ సమీపంలో సముద్రగర్భాన భారీ భూకంపం వచ్చింది. దానివల్ల పుట్టిన సునామీని పోర్ట్ బ్లెయిర్‌తో పాటు బంగాళాఖాతం తీరంలోని టైడ్ గేజ్‌లు కాగితంపై గీతలుగా నమోదు చేశాయి. అలాంటి పాత గీతలను, 2004 డిసెంబరు 26 సునామీ నమోదులను ఒకే ప్రోగ్రాంతో చదవాలనుకుందాం. పైథాన్‌లో చక్కగా నడిచిన ఆ ప్రోగ్రాంను జావాలోకి మారిస్తే ఏమవుతుంది?

కంప్యూటర్లు సాధారణంగా కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తాయి. అంతకు ముందు తేదీలన్నీ రుణ సంఖ్యలే. 1881 డిసెంబరు 31 అంటే -32142వ రోజు. గ్రీనిచ్ కాలమానంలో ఆ మధ్యాహ్నం 12 గంటలను సెకన్లలోకి మారుద్దాం. రోజుకు 86,400 సెకన్లు, సగం రోజుకు 43,200.

```java
int d = -32142;
long t = d * 86400 + 43200;
```

రావలసిన జవాబు -2777025600. పైథాన్‌లో పూర్ణాంకాలకు స్థిరమైన హద్దు లేదు కాబట్టి అదే వస్తుంది. జావాలో `int` 32 బిట్లదే. -2147483648 కంటే కిందికి దిగలేదు. హద్దు దాటగానే, ఏ హెచ్చరికా లేకుండా, 1517941696 అవుతుంది. అంటే 2018 ఫిబ్రవరి 6! జవాబును పెద్దదైన `long`లో దాచినా లాభం లేదు. గుణకారం అప్పటికే `int`లో జరిగిపోయింది. `86400L` అని రాస్తే లెక్క మొదటి నుంచీ 64 బిట్లలో సాగుతుంది.

ఇక్కడితో కథ ముగియదు. సరైన సెకన్ల నుంచి మళ్లీ రోజును రాబట్టడానికి 86,400తో భాగిస్తే -32141.5 వస్తుంది. పైథాన్‌లోని `//` దానికి దిగువనున్న పూర్ణాంకం -32142ను ఇస్తుంది. జావాలోని `/` దశాంశ భాగాన్ని కత్తిరించి, సున్నా వైపున్న -32141ను ఇస్తుంది. అది 1882 జనవరి 1. ఒక్క రోజు తేడాతో ఏడాదే మారిపోయింది. శేషం కూడా పైథాన్‌లో 43200, జావాలో -43200. జావాలో `Math.floorDiv`, `Math.floorMod` వాడితే రెండూ సరిపోతాయి.

ఈ తప్పులు 2004 సమాచారంలో కనిపించవు. అక్కడ సంఖ్యలన్నీ ధనాత్మకాలు, 32 బిట్లలో ఇమిడేవి. 1881 నాటి అర్ధరాత్రి సమయాన్ని ఇచ్చినా రెండో తప్పు బయటపడదు. శేషం సున్నా అయితే కత్తిరించడానికి ఏమీ మిగలదు. అందుకే రెండు భాషల జవాబులనూ పోల్చేటప్పుడు 1901కి ముందున్న ఒక తేదీని, అదీ అర్ధరాత్రి కాని సమయంతో, తప్పక ఇచ్చి చూడాలి. 32 బిట్ల సెకన్ల లెక్క వెనక్కి 1901 డిసెంబరు 13 వరకే వెళ్లగలదు మరి.